అక్కడ తెగిన పెళ్లి ఇక్కడ తెగినట్టేనా?

1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో ఒక పెళ్లి జరిగింది. మూడేళ్లు గడిచాయో లేదో, 1978 జులైలో భార్యాభర్తలు విడిపోయారు. అమెరికాలో ఉన్న భర్త మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులకు పిటిషన్ వేశాడు. ఆ రాష్ట్రంలో వరసగా 90 రోజులు ఉంటే చాలు, అక్కడి కోర్టు విడాకుల కేసు తీసుకుంటుంది. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం చెబుతూ జవాబు పంపింది. అక్కడికి మాత్రం వెళ్లలేదు. 1980 ఫిబ్రవరి 19న ఆమె లేకుండానే డిక్రీ వచ్చేసింది. ఈ పెళ్లి ఇక అతుక్కునే అవకాశం లేనంతగా విరిగిపోయింది, కాబట్టి రద్దు చేస్తున్నామన్నది అందులోని సారాంశం.

భర్త అంతకుముందే తిరుపతి సబ్ కోర్టులో కూడా విడాకుల పిటిషన్ వేసి ఉన్నాడు. అమెరికా డిక్రీ చేతికొచ్చింది కదా, ఇక దీంతో పనేముందని దాన్ని వదిలేసుకున్నాడు. 1981 నవంబర్ 2న యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. నేను బతికుండగా, మా పెళ్లి చెల్లుతుండగా ఇంకో పెళ్లి చేసుకున్నాడని క్రిమినల్ కేసు పెట్టింది. మెజిస్ట్రేటు కోర్టు భర్త మాట నమ్మి 1986లో అతణ్ణి కేసు నుంచి వదిలేసింది. డిక్రీకి ఫొటోస్టాట్ కాపీ సాక్ష్యంగా పనికిరాదంటూ హైకోర్టు 1987లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. చివరికి వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1991 జులై 9న వచ్చిన ఆ తీర్పే, విదేశీ విడాకులు మన దేశంలో ఎప్పుడు చెల్లుతాయి, ఎప్పుడు చెల్లవు అన్నదానికి ఈనాటికీ ఆధారం.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. విదేశీ డిక్రీ తెచ్చి చూపిస్తే ముద్ర వేసి ‘చెల్లుతుంది’ అని ఇచ్చే ఆఫీసు మన దేశంలో ఎక్కడా లేదు. రిజిస్ట్రార్ ఆ పని చేయడు, కలెక్టరూ చేయడు, ఎంబసీ అసలే చేయదు. డిక్రీ అలా కాగితంగానే ఉంటుంది. అది చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న ఎక్కడో ఒకచోట లేచినప్పుడే, అంటే రెండో పెళ్లి మీద కేసు పడినప్పుడో, ఆస్తి పంపకాల్లో వారసులెవరో తేలాల్సి వచ్చినప్పుడో, భరణం అడిగినప్పుడో, కోర్టు దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తుంది. అందుకే చాలామంది పదేళ్ల పాటు విడాకులయ్యాయనుకుంటూ బతికి, పదకొండో ఏట కాలేదని తెలుసుకుంటారు.

కోర్టు చేతిలో ఉండే కొలబద్ద సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్. విదేశీ తీర్పు ఇక్కడి కక్షిదారులను కట్టిపడేస్తుంది, కానీ ఆరు సందర్భాల్లో కట్టిపడేయదు అంటుందా సెక్షన్. ఆ కోర్టుకు విచారించే అధికారమే లేకపోతే, మంచిచెడ్డలు విచారించకుండా తీర్పిస్తే, భారత చట్టం వర్తించాల్సిన చోట దాన్ని పట్టించుకోకపోతే, ఎదుటి పక్షానికి తన మాట చెప్పుకునే న్యాయమైన అవకాశం దొరక్కపోతే, మోసంతో తెచ్చుకున్నదైతే, ఇక్కడి చట్టాన్ని ఉల్లంఘించడం మీదే ఆ దావా నిలబడి ఉంటే. డబ్బు బాకీలకూ వ్యాపార తగాదాలకూ రాసిన మాటలివి. పెళ్లికి వీటిని ఎలా అన్వయించాలన్నది చాలాకాలం ఎవరికీ స్పష్టంగా తెలియలేదు.

తెలియక కాదు, పట్టించుకునేవాళ్లు లేక అనడం న్యాయం. తిరుపతి కేసు కంటే ముందే 1974లో ఇలాంటిదే ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. 1955లో జలంధర్‌లో పెళ్లి చేసుకున్న ఒకాయన అమెరికా వెళ్లి, ఉండేది యూటా రాష్ట్రంలో అయినా, సులువుగా విడాకులిస్తుందని పేరున్న నెవాడా రాష్ట్రానికి వెళ్లి 1964లో డిక్రీ తెచ్చుకున్నాడు. నెవాడాలో స్థిరపడ్డానని అతను చెప్పింది అబద్ధం, ఆ డిక్రీ మోసంతో వచ్చింది అని సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత 1976లో లా కమిషన్ తన 65వ నివేదికను ప్రత్యేకంగా దీని మీదే ఇచ్చింది. విదేశీ విడాకుల గుర్తింపుకు వేరే చట్టం చేయమని చెప్పింది. బ్రిటన్ 1971లోనే అలాంటి చట్టం చేసుకుంది. మన పార్లమెంటు ఇప్పటిదాకా చేయలేదు. చట్టం చేయాల్సిన చోట ఖాళీ ఉంది కాబట్టి, 1991లో జస్టిస్ పి.బి. సావంత్ రాసిన తీర్పు ఆ ఖాళీని పూరించింది.

తీర్పులోని సూత్రం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టులోనే, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు రావాలి. తిరుపతిలో హిందూ సంప్రదాయంలో జరిగిన పెళ్లికి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. విడాకుల కేసు ఏ ఊళ్లో వేయొచ్చో ఆ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి జరిగిన చోటో, ఎదుటివాళ్లు ఉంటున్న చోటో, ఇద్దరూ చివరిసారి కాపురం చేసిన చోటో వేయొచ్చు. 2003 నుంచి భార్య తాను ఉంటున్న ఊళ్లో కూడా వేసుకోవచ్చు. కారణాలు 13వ సెక్షన్‌లో ఉన్నాయి. క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసిపోవడం, వివాహేతర సంబంధం వగైరా. ‘పెళ్లి విరిగిపోయింది’ అన్నది అందులో లేదు. లా కమిషన్ 1978లో, మళ్లీ 2009లో చేర్చమంది. చేర్చలేదు. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తనకున్న 142వ అధికరణ అధికారంతో, విరిగిపోయిన పెళ్లిని తాను రద్దు చేయగలనని చెప్పింది గానీ, ఆ అధికారం సుప్రీంకోర్టుదే. మన ఊళ్లో ఫ్యామిలీ కోర్టుకు లేదు.

ఇక్కడే చిక్కంతా ఉంది. అమెరికాలోని ప్రతి రాష్ట్రంలోనూ ఎవరి తప్పూ చూపకుండా విడాకులు దొరుకుతాయి. ‘మా ఇద్దరికీ పొసగడం లేదు’ అంటే చాలు. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంకా ముందుకు వెళ్లారు. పెళ్లి విరిగిందని భార్యాభర్తల్లో ఒక్కరు రాసిస్తే అదే తిరుగులేని సాక్ష్యం. ఎదుటివాళ్లు ‘లేదండీ, విరగలేదు’ అనడానికి వీల్లేదు. అక్కడివాళ్లకు అది నాగరికమైన పద్ధతే. కానీ అలా వచ్చిన డిక్రీని మన కోర్టు 1991 సూత్రంతో కొలిస్తే, కారణం దగ్గరే ఆగిపోతుంది.

మరి విదేశాల్లో వచ్చిన విడాకులన్నీ వట్టివేనా? కాదు. సుప్రీంకోర్టు మూడు మినహాయింపులు ఇచ్చింది. ఎదుటి పక్షం స్థిరంగా ఉంటున్న దేశంలోనే కేసు వేసి, పెళ్లి చట్టంలో ఉన్న కారణం మీద విడాకులు తెచ్చుకుంటే చెల్లుతాయి. ఎదుటి పక్షం తనంతట తాను ఆ కోర్టుకు లోబడి, పూర్తిగా పోరాడి ఓడితే, కారణం మళ్లీ పెళ్లి చట్టంలో ఉన్నదే అయితే, అప్పుడూ చెల్లుతాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎదుటి పక్షం ఒప్పుకుంటే, ఆ కోర్టుకు మన చట్టం ప్రకారం అధికారం లేకపోయినా, చెల్లుతాయి. కాబట్టి విదేశీ డిక్రీ భవిష్యత్తు ఆ జడ్జి ఏం రాశాడన్న దాని కంటే, ఎదుటి మనిషి ఏం చేశారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. సంతకం పెట్టారా, పోరాడారా, ఊరుకున్నారా? ఈ మూడింటికీ మూడు రకాల ఫలితాలు.

ఒక ఊహాజనితమైన కేసు తీసుకుని చూద్దాం. అమ్మాయి పేరు స్వప్న అనుకుందాం. 2021 ఫిబ్రవరిలో గుంటూరులో పెళ్లయింది. అబ్బాయికి టెక్సస్‌లో ఉద్యోగం, హెచ్-1బి వీసా. స్వప్న డిపెండెంట్ వీసా మీద వెళ్లి డాలస్ పక్కన ఫ్రిస్కోలో మూడేళ్లు కాపురం చేసింది. 2024 వేసవిలో అక్క పురుడికని ఇంటికి వచ్చింది. తిరుగు టికెట్ రోజు దగ్గర పడుతుంటే ‘ఇప్పుడు రావద్దు, తర్వాత చూద్దాం’ అన్నాడు భర్త. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. 2025 జనవరిలో ఒక మందపాటి కవర్ వచ్చింది. పైన కొలిన్ కౌంటీ జిల్లా కోర్టు పేరు. లోపల విడాకుల పిటిషన్, సమన్లు, ఇంకో పేజీలో నోటరీ ముందు సంతకం పెట్టడానికి ఖాళీ గీత.

ఇలాంటి కవర్ రాగానే ఇంట్లో ఒక సభ జరుగుతుంది. ‘ఎవరో పంపిన కాగితానికి మనమెందుకు జవాబివ్వాలమ్మా, చించి పారెయ్’ అంటాడు మేనమామ. ‘సంతకం పెట్టి పీడా వదిలించుకో’ అంటుంది పిన్ని. ఇద్దరి మాటా ప్రమాదమే. అయితే రెండు ప్రమాదాలూ ఒకటి కావు.

ముందు ఆ ఖాళీ గీత సంగతి. టెక్సస్‌లో దాన్ని వెయివర్ అంటారు. ‘నాకు సమన్లు అందించాల్సిన అవసరం లేదు’ అని రాసిచ్చే కాగితమది. చూడ్డానికి అందినట్టు రసీదులా ఉంటుంది. చాలా వెయివర్లలో, నాకు మళ్లీ కబురు చేయకుండానే కేసు తేల్చేయవచ్చు అన్న వాక్యం కూడా ఉంటుంది. దాని మీద సంతకం పెడితే, రేపు గుంటూరు కోర్టులో భర్త లాయరు దాన్నే చూపించి ‘ఈమె ఒప్పుకుంది, మూడో మినహాయింపు వర్తిస్తుంది’ అంటాడు. ఆ వాదన ప్రతిసారీ నెగ్గుతుందని కాదు. భార్యకు ఆ కాగితంలో ఏముందో తెలుసా, ఒత్తిడి లేకుండా పెట్టిందా అని కోర్టు చూస్తుంది. కానీ పెట్టిన సంతకానికి అర్థం అది కాదని నిరూపించాల్సిన భారం ఆమె నెత్తిన పడుతుంది.

కవర్ ఎలా వచ్చిందన్నదీ చూసుకోవాలి. విదేశీ కోర్టు సమన్లు అందించడానికి హేగ్ ఒప్పందం ఒకటుంది. మన దేశం అందులో చేరింది, 2007 ఆగస్టు 1 నుంచి అది మనకు అమల్లో ఉంది. దాని ప్రకారం సమన్లు కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. నేరుగా పోస్టులో పంపే పద్ధతికి మన దేశం అభ్యంతరం నమోదు చేసింది. కాబట్టి కొరియర్‌లోనో ఈమెయిల్‌లోనో వచ్చిన సమన్లను ప్రశ్నించే ఆస్కారం ఉంటుంది. కవర్, దాని మీది స్టాంపులు, వచ్చిన తేదీ జాగ్రత్త చేసుకోమని లాయర్లు చెప్పేది ఇందుకే. చించి పారేస్తే, భర్త దగ్గరున్న కాపీ తప్ప ఇంకే ఆధారమూ మిగలదు.

ఇక ఊరుకుంటే? టెక్సస్ నిబంధన ప్రకారం సమన్లు అందాక 20 రోజులు గడిచి, ఆ తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటల లోపు జవాబు దాఖలు కావాలి. కాకపోతే కోర్టు ఎక్స్‌పార్టీగా ముందుకు పోతుంది. పిటిషన్ వేసిన 60 రోజులకు డిక్రీ ఇవ్వడానికి అడ్డు తొలగిపోతుంది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లకపోవచ్చు. ఏకపక్షం, పైగా ‘పొసగడం లేదు’ అన్న కారణం. హిందూ వివాహ చట్టం కింద స్వప్న ఇప్పటికీ భార్యే. కానీ అక్కడ అది చెల్లుతుంది. దంపతులు చివరిసారి కాపురం చేసింది టెక్సస్‌లోనే, విడిపోయి రెండేళ్లు కాలేదు. కాబట్టి అక్కడి చట్టం ప్రకారం ఆ కోర్టు పెళ్లి రద్దుతో ఆగకుండా, కాపురంలో సంపాదించిన ఇల్లు, బ్యాంకు ఖాతాలు, రిటైర్మెంట్ పొదుపు కూడా పంచేయగలదు. ఆమె వాటా అడిగేవాళ్లు ఎవరూ లేనప్పుడు ఆ పంపకం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. డిపెండెంట్ వీసా కూడా దాంతోనే పోతుంది. ఊరుకోవడం ఇక్కడి హోదాను కాపాడుతుంది, అక్కడి ఆస్తిని పోగొడుతుంది. మేనమామ సలహాలో లోపం అదీ.

మధ్యే మార్గం ఒకటుంది. తిరుపతి కేసులో భార్య చేసింది అదే. నాకు మీ కోర్టు అధికారం ఒప్పుదల కాదు, ఈ కేసు మా దేశంలో తేలాల్సింది అని అభ్యంతరంతో జవాబు పంపడం. అలా పంపినంత మాత్రాన ఆ కోర్టుకు లోబడినట్టు కాదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. టెక్సస్‌లో కేవలం అధికారాన్ని ప్రశ్నించడానికే హాజరయ్యే పద్ధతి కూడా ఉంది. అయితే దాన్ని మిగతా జవాబులన్నిటి కంటే ముందు దాఖలు చేయాలి. ముందు భరణం అడిగి, ఆస్తి అడిగి, ఆ తర్వాత అధికారం లేదంటే వినరు. స్వప్న లాంటి వాళ్లు ఇక్కడే ఆలోచించి ఎంచుకోవాలి. అక్కడ రాబట్టాల్సిన ఆస్తి పెద్దదైతే అక్కడ లాయరును పెట్టుకుని పోరాడటమే లాభం కావచ్చు. అక్కడ ఏమీ లేకపోతే అభ్యంతరం పంపి, ఇక్కడ కేసు వేసుకోవడం మేలు. రెండూ కావాలంటే మాత్రం రెండు చోట్లా లాయర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. అక్కడ దాఖలైన ఒక వాక్యం ఇక్కడి కేసును ముంచేయగలదు.

పోరాడే శక్తి సంగతి కూడా 1991 తీర్పు పట్టించుకుంది. తీర్పులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. గుంటూరులో ఉన్న అమ్మాయికి డాలస్‌లో వాయిదా వేసి, నోటీసు పంపాం కదా, రాలేదు అంటే న్యాయం జరిగినట్టు కాదు. ఆమె వచ్చి వాదించుకోగల స్థితిలో ఉందా అని ఆ కోర్టు చూడాలి. అవసరమైతే ప్రయాణం, బస, లాయరు ఖర్చులు పిటిషన్ వేసినవాడి చేత ఇప్పించాలి. అది చేయకపోతే సహజ న్యాయసూత్రాలు తప్పినట్టే అంది సుప్రీంకోర్టు. అమెరికా కోర్టులు ఆ పని చేస్తాయన్న ఆశ పెద్దగా లేదు గానీ, చేయలేదన్న సంగతి ఇక్కడ ఆయుధమవుతుంది.

ఇక్కడ కేసు అంటే ఏమిటి? స్వప్న తానుంటున్న గుంటూరు ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. కాపురం కావాలంటే కాపురానికి, వద్దనుకుంటే క్రూరత్వం మీద విడాకులకు, ఏది తేలినా తేలకపోయినా భరణానికి. డిక్రీ వచ్చేశాక అయితే, అది నన్ను కట్టిపడేయదని ప్రకటించమని అడగొచ్చు. ఒక మనిషి వివాహ హోదా ఏమిటో ప్రకటించే అధికారం ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఇచ్చింది. భర్త అక్కడ కేసు నడపకుండా ఆపమని కూడా అడగొచ్చు. అయితే ఈ ఆంక్ష వ్యక్తి మీదే, విదేశీ కోర్టు మీద కాదు. పైగా సులువుగా దొరకదు. భార్య ఫ్లోరిడాలో వేసిన కేసును ఆపమని ఒక భర్త అడిగితే, 2018లో సుప్రీంకోర్టు నిరాకరించింది. విదేశీ కోర్టుకు అధికారం ఉండి, అక్కడ కేసు నడపడం వేధింపు కానప్పుడు ఇక్కడి నుంచి చెయ్యి అడ్డుపెట్టం అంది.

ఇప్పుడు భర్త వైపు నుంచి చూద్దాం. డిక్రీ తీసుకున్నాడు, ఏడాది తర్వాత హైదరాబాద్ వచ్చి సంబంధాలు చూస్తున్నాడు. ఫోటోలతో పాటు డిక్రీ కాపీ కూడా అమ్మాయి తరఫువాళ్లకు పంపుతున్నాడు. వాళ్లు దాన్ని చూసి ‘కోర్టు కాగితమే కదా’ అని తృప్తి పడతారు. అప్పుడు చూడాల్సింది ముద్ర కాదు. అందులో భార్య హాజరైనట్టు రాసుందా? ఆమె లాయరు పేరు ఉందా? ఆమె ఒప్పుకున్నట్టు, సెటిల్‌మెంట్ పత్రం మీద ఆమె సంతకం ఉన్నట్టు రాసుందా? ‘ప్రతివాది హాజరు కాలేదు, జవాబివ్వలేదు’ అన్న వాక్యం గనక కనిపిస్తే, ఆ డిక్రీని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోవడం ప్రమాదం. మొదటి పెళ్లి ఇక్కడ బతికే ఉంటే రెండో పెళ్లి చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. రెండో పెళ్లి అమ్మాయికి భార్య హోదా రాదు, ఆస్తిలో భార్యగా వాటా రాదు. ఆ పెళ్లికి పుట్టిన పిల్లలను మాత్రం హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ కాపాడుతుంది. తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు హక్కు ఉంటుంది.

అలాంటి భర్తకు మార్గం లేకపోలేదు. అమెరికా డిక్రీని పట్టుకు వేలాడకుండా, ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో హిందూ వివాహ చట్టంలోని కారణం చూపి మళ్లీ పిటిషన్ వేయాలి. లేదా భార్యతో మాట్లాడుకుని, 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి విడాకులు తీసుకోవాలి. ఏడాది పాటు విడిగా ఉండాలన్న షరతు ఉంది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను, రాజీకి తావు లేని కేసుల్లో కోర్టు సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. వీడియో కాన్ఫరెన్స్‌లో మాట్లాడే వీలుంది కాబట్టి, ఎప్పటిలా ప్రతి వాయిదాకూ విమానం ఎక్కాల్సిన పని లేదు. తిరుపతి భర్త చేతిలో ఉన్న ఇక్కడి పిటిషన్‌ను వదులుకుని ఎంత నష్టపోయాడో గుర్తుంటే, ఎవరూ ఆ పని చేయరు.

భార్యాభర్తలిద్దరూ విదేశంలోనే ఉండి, గొడవ లేకుండా విడిపోదామనుకున్నప్పుడు పని చాలా తేలిక. తేలిక కాబట్టే అందులో అజాగ్రత్త ఎక్కువ. ఒకరు పిటిషన్ వేస్తారు, రెండోవాళ్లు ‘నాకు అభ్యంతరం లేదు, నువ్వే చూసుకో’ అని ఊరుకుంటారు. అక్కడి కోర్టు దృష్టిలో అది చాలు. కానీ ఇక్కడి కోర్టుకు కనిపించేది మళ్లీ ఏకపక్ష డిక్రీయే. ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉండాలి. వీలుంటే ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం, లేకపోతే రెండోవాళ్లు హాజరై సమ్మతి తెలపడం, సెటిల్‌మెంట్ మీద ఇద్దరూ సంతకం చేయడం, ‘ఇద్దరి సమ్మతితో’ అన్న మాట డిక్రీలోనే రాయించుకోవడం అవసరం. అక్కడి లాయర్‌కు ఇదంతా అనవసర శ్రమలా కనిపిస్తుంది. మాకు ఇండియాలో కావాలండీ అని చెప్పి అడగాలి.

డిక్రీ వచ్చాక దాన్ని సాక్ష్యంగా మార్చుకోవాలి. తిరుపతి కేసు హైకోర్టులో తడబడింది ఫొటోస్టాట్ కాపీ దగ్గరే అన్నది మరిచిపోకూడదు. కోర్టు క్లర్కు ఆఫీసు నుంచి ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. సర్టిఫైడ్ కాపీ దాఖలు చేస్తే, ఆ తీర్పిచ్చిన కోర్టుకు అధికారం ఉన్నట్టే మొదట భావించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 14వ సెక్షన్ చెబుతుంది. కాదని చూపించే భారం ఎదుటివాళ్లది. దాని మీద అపోస్టిల్ కూడా వేయించుకోవాలి. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు వేస్తుంది. ఒకటికి రెండు కాపీలు తెచ్చుకుంటే మంచిది. పదేళ్ల తర్వాత కౌంటీ కోర్టుకు ఇక్కడి నుంచి ఉత్తరాలు రాయడం ఎంత విసుగో అనుభవించినవాళ్లకే తెలుసు.

పెళ్లే విదేశంలో జరిగితే? ఇందులో రెండు మూడు రకాలున్నాయి. అక్కడి గుడిలో మన పద్ధతిలో జరిగిన పెళ్లి, సిటీ హాల్లో రిజిస్టరైన పెళ్లి, భారత కాన్సులేట్‌లో 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి. కాన్సులేట్ పెళ్లికి విడాకుల విషయంలో ప్రత్యేక వివాహ చట్టం నియమాలు వర్తిస్తాయి. మిగతా వాటిలో అసలు ప్రశ్న పెళ్లి ఏ దేశంలో జరిగిందన్నది కాదు, దంపతుల స్థిరనివాసం ఎక్కడ అన్నది. హిందూ వివాహ చట్టం భారత్‌లో స్థిరనివాసం ఉన్న హిందువులకు వాళ్లు ఏ దేశంలో ఉన్నా వర్తిస్తుంది. స్థిరనివాసం అంటే పాస్‌పోర్టు కాదు. స్వీడన్ పౌరసత్వం తీసుకుని, ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద ఉంటున్న ఒక జంట విషయంలో, వాళ్ల స్థిరనివాసం ఇంకా భారతదేశమే, ఇక్కడి కోర్టు విచారించవచ్చు అని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఇద్దరూ అమెరికా పౌరులై, ఇరవై ఏళ్లుగా అక్కడే స్థిరపడి, తిరిగొచ్చే ఆలోచన వదులుకున్నవాళ్లయితే లెక్క మారుతుంది. వాళ్ల స్థిరనివాసమే అక్కడ. అక్కడి కోర్టు ఇచ్చిన విడాకులను ఇక్కడ ప్రశ్నించడం చాలా కష్టం.

డిక్రీలో పెళ్లి రద్దుతో పాటు డబ్బు, పిల్లల సంగతులు కూడా ఉంటాయి. వాటికి వేరే దారులు. నెలకు ఇంత చెల్లించాలని ఇంగ్లండ్ ఉన్నత న్యాయస్థానమో, సింగపూర్, యూఏఈ కోర్టులో ఇచ్చిన డబ్బు డిక్రీని 44ఎ సెక్షన్ కింద నేరుగా ఇక్కడి జిల్లా కోర్టులో అమలుకు పెట్టే వీలుంది. ఆ దేశాలతో మనకు పరస్పర ఏర్పాటు ఉంది. యూఏఈ 2020 జనవరిలో ఆ జాబితాలో చేరింది. అమెరికా అందులో లేదు. కాబట్టి టెక్సస్ కోర్టు వేసిన భరణం బాకీ ఇక్కడ వసూలు చేయాలంటే, ఆ తీర్పు ఆధారంగా కొత్త దావా వేయాలి, అదీ మూడేళ్ల లోపు. పిల్లల విషయంలో విదేశీ కోర్టు ఉత్తర్వును మన కోర్టులు ఒక సమాచారంగా చూస్తాయి. బిడ్డ మేలు ఏదన్నది మళ్లీ తామే నిర్ణయిస్తాయి. పిల్లల్ని దేశం దాటించడం మీద ఉన్న హేగ్ ఒప్పందంలో మనం చేరలేదు. అందుకని తల్లి బిడ్డను తీసుకుని వచ్చేసిన కేసుల్లో, అమెరికా కోర్టు ‘వెంటనే తిరిగి పంపండి’ అన్నా, తెలుగు రాష్ట్రాల హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసి మొదటి నుంచీ వాదించుకోవాల్సిందే.